చీటీ విప్పాక రెండు నిమిషాలు

ఒక పాత పంచదార డబ్బా. అందులో మడిచిన చీటీలు. వచ్చినవాళ్లు డబ్బాలో చెయ్యిపెట్టి ఒక చీటీ తీస్తారు, విప్పి పైకి చదువుతారు, ఉన్నచోటే నిలబడి దాని మీద రెండు నిమిషాలు మాట్లాడతారు. విజయవాడలో ఒక గ్రంథాలయం మేడమీద ఆదివారం పొద్దున్నే మేము కొన్నేళ్లుగా చేస్తున్న పని ఇదే. గొప్ప ఏర్పాట్లేమీ లేవు. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను, గడియారం చూసే మనిషి ఒకరు. ఆ మనిషి చేతిలో మూడు రంగుల అట్టముక్కలు ఉంటాయి. నిమిషానికి ఆకుపచ్చది, నిమిషంన్నరకు పసుపుది, రెండు నిమిషాలకు ఎర్రది ఎత్తి చూపించాలి.

ఈ అట్టముక్కల పద్ధతి మా సొంతం కాదు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ సంఘాల్లో ఈ ఆటను టేబుల్ టాపిక్స్ అంటారు. అక్కడ ఈ మూడు రంగులే దీపాలుగా వెలుగుతాయి. పోటీ పెట్టినప్పుడు నిమిషంలోపు ముగించినవాళ్లూ, రెండున్నర నిమిషాలు దాటినవాళ్లూ లెక్కలోకి రారు. మా దగ్గర అంత కఠినం లేదు గానీ, నిమిషంలోపు కూర్చునేవాళ్లకు మాత్రం కొదవలేదు.

మొన్న జూన్‌లో డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయి ఒకామె మొదటిసారి వచ్చింది. కాలేజీలో క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గరపడ్డాయట. అందులో ‘జామ్’ అని ఒక రౌండు ఉంటుంది, అప్పటికప్పుడు ఒక విషయం ఇచ్చి మాట్లాడమంటారు. అదంటే వణుకు. చీటీ తీస్తే ‘గొడుగు’ అని వచ్చింది. ఆమె చెప్పింది ఇది:

“అందరికీ నమస్కారం. ఈ రోజు నాకు వచ్చిన అంశం గొడుగు. గొడుగు మన నిత్యజీవితంలో ఎంతో ఉపయోగపడే వస్తువు. ఇది వానలో తడవకుండా కాపాడుతుంది. అలాగే ఎండ నుంచి కూడా కాపాడుతుంది. గొడుగులు రకరకాల రంగుల్లో ఉంటాయి. పూర్వం రాజులకు గొడుగు పట్టేవాళ్లు. ఇప్పుడు మడత గొడుగులు కూడా వచ్చాయి. అంటే... గొడుగు... అందరి దగ్గరా ఉండాలి. అంతేనండీ.”

38 సెకన్లు. ఆకుపచ్చ అట్ట ఎత్తే పనే పడలేదు. తను చెప్పినవాటిలో ఒక్క తప్పు లేదు. చిక్కంతా అక్కడే ఉంది. కాదనడానికి వీల్లేని మాటలు చెబితే వాటిని నిరూపించాల్సిన పని ఉండదు, ఆ పని లేకపోతే తరవాతి వాక్యానికి దారి ఉండదు. ‘గొడుగులు రకరకాల రంగుల్లో ఉంటాయి’ అన్నాక ఏం చెప్పాలి? ఏమైనా చెప్పొచ్చు, అందుకే ఏమీ తోచదు. ప్రతి వాక్యానికీ కొత్తగా గొయ్యి తవ్వుకోవాల్సిందే. నాలుగో తరగతిలో ఆవు మీద పది వాక్యాలు రాయించిన చెయ్యి మనల్ని అంత తొందరగా వదలదు.

కూర్చోబోతుంటే ఒక ప్రశ్న అడిగాను. “నీకు తెలిసినవాళ్లలో గొడుగు లేకపోతే రోజు గడవనివాళ్లు ఎవరన్నా ఉన్నారామ్మా?” క్షణం కూడా ఆలోచించలేదు. “మా మేనత్త సార్. బస్టాండు బయట పూలమ్ముతుంది” అంది. ఆ తరవాత కుర్చీలో కూర్చునే మూడు నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మల్లెపూలు ఎన్నింటికి వాడిపోతాయో, మూర ఎంతకు అమ్ముతారో, టీకొట్టువాడు రేకుల కింద చోటిస్తాడో లేదో అన్నీ ఆమెకు తెలుసు. మాటలు లేక ఆగిపోలేదన్నమాట. ఉన్న మాటలను ఏ వరసలో పెట్టాలో తెలియక ఆగిపోయింది.

ఆ వరస చాలా చిన్నది. ముందు నీ మాట చెప్పు. అది ఎందుకో ఒక కారణం చెప్పు. కళ్లారా చూసిన ఒక ఉదాహరణ చెప్పు. మళ్లీ నీ మాట దగ్గరకు వచ్చి ఆగు. ఇంగ్లీషులో శిక్షణ ఇచ్చేవాళ్లు ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి దీన్ని ‘ప్రెప్’ అంటారు. అష్టావధానంలో ఆశువు చెప్పే కవికి ఛందస్సు ఊతం. ఎక్కడ విరవాలో, ఎక్కడ ముగించాలో అదే చెబుతుంది. వచనంలో మాట్లాడేవాడికి ఆ ఊతం లేదు కాబట్టి ఈ నాలుగు మెట్లే ఛందస్సు అనుకోవచ్చు.

నిజానికి ఈ మెట్లు మనకు కొత్త కాదు. మన న్యాయశాస్త్రంలో, అంటే తర్కంలో, ఒక విషయాన్ని ఎదుటివాడికి ఒప్పించేందుకు అయిదు అవయవాలున్న వాక్యం చెప్పాలంటారు. అవి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదువుకున్నవాళ్లకు ఇది మొదటి పాఠాల్లోదే. అన్నంభట్టు తెలుగువాడేనని మనవాళ్లు చెప్పుకుంటారు. అందులో ఉదాహరణ అందరికీ తెలిసిందే. కొండ మీద నిప్పుంది అన్నది ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తోంది అన్నది హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూడలేదా అన్నది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే అన్నది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది అన్నది నిగమనం.

ప్రెప్‌తో పోల్చి చూస్తే ఇందులో ఒక మెట్టు ఎక్కువ. అదే ఉపనయం, ఉదాహరణను తీసుకొచ్చి మన విషయానికి ముడివేసే మాట. రెండు నిమిషాల ప్రసంగాలు చాలావరకు కుంటుపడేది ఈ ముడి దగ్గరే. వంటింటి కథ చక్కగా చెప్పి, దానికీ కొండకూ సంబంధం ఏమిటో చెప్పకుండా కూర్చుంటారు.

తర్కశాస్త్రంలో ఇంకో మంచి సంగతి ఉంది. ఈ అయిదు అవయవాల వాక్యం ఎదుటివాడి కోసమే, పరార్థానుమానంలోనే కావాలి. తనకు తాను తెలుసుకునేటప్పుడు, అంటే స్వార్థానుమానంలో, మనిషి ఆ వరసలో ఆలోచించడు. వంటింట్లో పొగనూ నిప్పునూ కలిపి పదిసార్లు చూసి ఉంటాడు. కొండ దగ్గరకు వెళ్లినప్పుడు పొగ కంటపడుతుంది. పాత సంగతి గుర్తొస్తుంది. అప్పుడు నిప్పు ఉందన్న నిర్ణయానికి వస్తాడు. అంటే ఆలోచనలో నిర్ణయం చివర వస్తుంది, మాటలో అదే మొదట వస్తుంది.

చీటీ విప్పాక చెయ్యాల్సింది కూడా అదే. చాలామంది ముందు మాట కోసం వెతుకుతారు. ‘గొడుగు మీద నా అభిప్రాయం ఏమిటి?’ అని తమను తాము అడుగుతారు. గొడుగు మీద ఎవరికి మాత్రం అభిప్రాయాలు ఉంటాయి? కానీ గొడుగుతో ముడిపడ్డ మనిషి ఒకరు ప్రతివాళ్లకూ ఉంటారు. జ్ఞాపకం అభిప్రాయం కన్నా తొందరగా అందుతుంది. కాబట్టి మొదట మనిషిని పట్టుకోండి. ఆ మనిషి కథ ఏం చెబుతోందో ఒక వాక్యంలో అనుకోండి, అది మీ మాట. అలా ఎందుకు జరుగుతుందని అడగండి, అది మీ కారణం. ఈ మూడు పనులకూ 15, 20 సెకన్లు చాలు. చీటీ విప్పి, పైకి చదివి, చొక్కా సర్దుకుని, అందరినీ ఒకసారి చూసేసరికి అంత సమయం ఎలాగూ గడుస్తుంది. నోరు తెరిచేటప్పుడు మాత్రం వరస తిరగేయాలి.

ఆ అమ్మాయిని అరగంట తరవాత మళ్లీ నిలబెట్టాం. చీటీ అదే. ఫోనులో రికార్డు చేశాను కాబట్టి ఆమె మాటలు ఇక్కడ ఇవ్వగలుగుతున్నాను.

“గొడుగు అవసరం వానకన్నా ఎండకే ఎక్కువ.

“ఎందుకంటే వాన ఆగుతుంది, ఎండ ఆగదు. వాన మొదలైతే ఏదో ఒక అరుగు ఎక్కుతాం, అరగంట చూస్తాం, తగ్గాక వెళ్లిపోతాం. వేసవిలో పదింటికి పట్టుకున్న ఎండ సాయంత్రం అయిదుదాకా వదలదు. అంతసేపు అరుగు మీద నిలబడే తీరిక పని చేసుకునేవాళ్లకు ఉండదు.

“మా మేనత్త బస్టాండు బయట పూలమ్ముతుంది. మొన్న ఏప్రిల్ దాకా ఆమెకు గొడుగు లేదు. వానొస్తే బుట్ట ఎత్తుకుని పక్కనున్న టీకొట్టు రేకుల కిందకు వెళ్లేది. వానలో పూలు కొనేవాళ్లు ఎలాగూ ఉండరు, కాబట్టి నష్టం లేదు. ఎండలో అలా వెళ్లడానికి లేదు, బేరమంతా బస్సులు ఆగేచోటే. తడిగుడ్డ కప్పినా పన్నెండయ్యేసరికి మల్లెలు వాడిపోయేవి. ముప్పై రూపాయల మూర పదిహేనుకు ఇచ్చేసి ఇంటికొచ్చేది. మే మొదట్లో మా బావ పెద్ద నల్లగొడుగు కొనిచ్చాడు. దాని కర్రను బుట్ట పక్కన ఇటుకల మధ్య నిలబెట్టింది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి నేను అటు వెళ్తే ఇంకా ముప్పైకే అమ్ముతోంది.

“ఆ నెలంతా ఒక్క చినుకు పడలేదు. అయినా గొడుగు ఖరీదు వారంలో వచ్చేసింది. అందుకే ఇక మా ఇంట్లో గొడుగు వెతికేది తొలకరికి కాదు, శివరాత్రికి.”

నిమిషం 40 సెకన్లు పట్టింది. పసుపు అట్ట లేచేసరికి ఆమె చినుకు పడలేదన్న మాట దగ్గర ఉంది. అట్ట చూసి కంగారుపడకుండా ఆ వాక్యం పూర్తిచేసి చివరికి వచ్చింది.

ఈ ప్రసంగంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ‘ఆ నెలంతా ఒక్క చినుకు పడలేదు’ అన్న వాక్యం. నేను నేర్పలేదు, దానంతటదే వచ్చింది. ఉపనయం అంటే అదే. పూలమ్మే మేనత్త కథ వేరే మాటలు కూడా చెప్పగలదు. చిన్న వ్యాపారానికి చిన్న పెట్టుబడి చాలని చెప్పొచ్చు, బావ మంచివాడని చెప్పొచ్చు. చినుకు పడలేదు అనగానే ఆ దారులన్నీ మూసుకుపోయి, కథ వానా ఎండా దగ్గరకు వచ్చి నిలబడింది. ‘ఈ ఉదాహరణను బట్టి మనకు తెలిసేదేమిటంటే’ అని పాఠం చెప్పనక్కర్లేదు. కథలోంచి మన మాటను నేరుగా తాకే ఒక వివరం తీసి చివర పెడితే చాలు.

ఇంకో సంగతి, ‘ఎందుకంటే’. ఇంగ్లీషువాళ్లకు ముందు మాట, తరవాత కారణం చెప్పడం నల్లేరు మీద నడక. తెలుగు నడక వేరు. మనం కారణాన్ని ముందు పెట్టుకుని, ‘వల్ల’, ‘కాబట్టి’, ‘కనక’ అంటూ మెల్లగా విషయంలోకి వస్తాం. క్రియ వాక్యం చివర ఉంటుంది కాబట్టి అసలు సంగతి కూడా చివరికే తేలుతుంది. మన కథలూ అంతే, కథంతా అయ్యాక నీతి. కూర్చుని అరగంట చెప్పుకునేటప్పుడు అదే అందం. రెండు నిమిషాల్లో మాత్రం ఇబ్బంది. ‘మా మేనత్త పూలమ్ముతుంది’ అని మొదలుపెడితే, ఈ అమ్మాయి పేదరికం గురించి చెబుతుందా, పూల ధరల గురించా, బస్టాండు గురించా అని వినేవాళ్లు నిమిషంసేపు తడుముకుంటారు. ఆ నిమిషం అంటే సగం ప్రసంగం. పైగా మధ్యలో ఎర్ర అట్ట లేస్తే అసలు మాట చెప్పకుండానే కూర్చోవాలి.

అందుకని మొదటి వాక్యం పొట్టిగా ఉండాలి, దానికి వెంటనే ‘ఎందుకంటే’ తగలాలి. మొదటి వాక్యంలో అయిదారు మాటలు మించితే క్రియ దాకా వెళ్లేలోపే మనకు ఊపిరి చాలదు, వాళ్లకు పట్టు దొరకదు. మా దగ్గర కొత్తవాళ్లకు ఒకే ఒక్క నియమం పెడతాను. రెండో వాక్యం ‘ఎందుకంటే’తో మొదలుకావాలి. మొదట్లో కృతకంగా అనిపిస్తుంది. నాలుగైదు ఆదివారాలు గడిచాక ఆ మాట అనకపోయినా కారణం దానంతటదే అక్కడికి వచ్చి కూర్చుంటుంది.

సమయం ఎలా పంచుకోవాలి? తెలుగులో ఆగుతూ, వినేవాళ్లను చూస్తూ మాట్లాడితే నిమిషానికి 80 మాటల చుట్టూ పడతాయని మా రికార్డింగులు లెక్కపెట్టి తేల్చుకున్నాను. అంటే రెండు నిమిషాలకు 160 మాటలు, ఒక పోస్టుకార్డు నిండేంత. అందులో మొదటి మాటకు 10 సెకన్లు, కారణానికి 25, ఉదాహరణకు నిమిషం పైన, ముడివేసి ముగించడానికి 15. ఈ లెక్కను మనసులో తిప్పుకుంటూ మాట్లాడలేం, అక్కర్లేదు కూడా. ఒక్కటి గుర్తుంటే చాలు. ఆకుపచ్చ కనిపించేటప్పటికి ఉదాహరణలో ఉండాలి, పసుపు కనిపించగానే ఉదాహరణలోంచి బయటికి దారి చూసుకోవాలి. ఆకుపచ్చ లేచినా ఇంకా కారణంలోనే ఉన్నామంటే రెండో కారణమో మూడో కారణమో మొదలుపెట్టామన్నమాట.

రెండు కారణాలు చెప్పాలన్న ఆశ చదువుకున్నవాళ్లకు మరీ ఎక్కువ. ‘ఇందుకు మూడు కారణాలున్నాయి’ అని వేళ్లు చూపిస్తారు. రెండోది అయ్యేసరికి మూడోది ఏమిటో మరిచిపోతారు. రెండు నిమిషాల్లో ఒక్క కారణం పడుతుంది, ఒక్క ఉదాహరణ పడుతుంది. మిగిలినవి ఎంత గొప్పవైనా డబ్బాలోనే ఉండనివ్వాలి.

ఈ అత్యాశ సంగతి వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. తెలియనిది ఇంకోటుంది. కారణంలా కనిపిస్తుంది గానీ కారణం కాదు. ‘పిల్లలకు ఫోను ఇవ్వకూడదు, ఎందుకంటే ఫోను వల్ల పిల్లలు చెడిపోతారు.’ వినడానికి బాగానే ఉంది. కానీ మొదటి సగం చెప్పిందే రెండో సగం వేరే మాటల్లో చెప్పింది. ఇది పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కారణాన్ని విడిగా తీసి, మన మాటతో ఒప్పుకోని మనిషికి చెప్పి చూడాలి. ఆ ముక్క వరకైనా అతను తల ఊపగలిగితే అది కారణం. ‘వాన ఆగుతుంది, ఎండ ఆగదు’ అంటే గొడుగు వానకోసమే అనేవాడు కూడా అవునంటాడు. అక్కడి నుంచి అతన్ని నడిపించుకుని వెళ్లొచ్చు. ‘ఫోను వల్ల చెడిపోతారు’ అంటే ఒప్పుకోనివాడు ఒప్పుకోకుండానే ఉంటాడు. అదే ‘పడుకునేముందు ఫోను చూసిన పిల్లాడు పదింటికి పడుకోవాల్సింది పన్నెండుకు పడుకుంటాడు’ అంటే, అది నిలుస్తుంది.

ఉదాహరణకూ ఇలాంటి వేషాలున్నాయి. ‘మన సమాజంలో ఎంతోమంది రైతులు’, ‘నేటి యువతను చూస్తే’ అని మొదలైనవి ఉదాహరణలు కావు, కారణాన్నే మళ్లీ సాగదీయడం. ఉదాహరణలో ఒక మనిషి, ఒక చోటు, ఒక పూట ఉండాలి. మూడూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి, ఎందుకంటే అప్పుడు మనం కల్పించడం లేదు, చూసింది చెబుతున్నాం. తడుముకునే మాటలు కూడా తగ్గుతాయి. ‘అంటే’, ‘ఇప్పుడు’, ‘ఒక విధంగా చెప్పాలంటే’, కుర్రాళ్లకైతే ‘సో’, ‘బేసిక్‌గా’. ఆ అమ్మాయి రెండు ప్రసంగాలూ రాసి చూసుకుంటే, రెండోదాంట్లో మూడింతల మాటలున్నా ఒక్క ‘అంటే’ కూడా తగల్లేదు.

ఉదాహరణ బాగానే ఉండి, అది మన మాటకే ఎదురుతిరిగితే ఏం చెయ్యాలి? ఒకసారి బ్యాంకులో పనిచేసే కుర్రాడికి ‘పల్లె మేలా, పట్నం మేలా?’ అని వచ్చింది. అందరిలాగే పల్లె మేలన్నాడు. ఎందుకంటే పల్లెలో ఒకరికి కష్టమొస్తే ఊరంతా వస్తుందన్నాడు. ఉదాహరణకు వాళ్ల తాతగారికి అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిన సంగతి ఎత్తుకున్నాడు. నిజంగానే వీధి వీధంతా వచ్చింది. మంచం మోసినవాళ్లు, కారు తెచ్చినవాళ్లు, బామ్మ దగ్గర కూర్చున్నవాళ్లు. తీరా గుండె డాక్టరు ఉన్న ఊరు చేరడానికి గంటన్నర పట్టింది. ఆ మాట నోట్లోంచి వచ్చాక కుర్రాడు ఆగిపోయాడు. కథ పట్నం వైపు తిరిగిపోయిందని అతనికి అప్పుడే తెలిసింది. ఏం చెయ్యాలో తోచక ‘ఏదేమైనా పల్లె పల్లెనే’ అని కూర్చున్నాడు.

అలాంటప్పుడు కథను దాచకూడదు, మాటను సవరించాలి. ‘పల్లె మేలనే మొదలుపెట్టాను. మా తాత సంగతి చెబుతుంటే తెలిసింది, పల్లెలో మనుషులు దగ్గర, వైద్యం దూరం’ అంటే ఎవరూ తప్పుపట్టరు. ఇంకా చెవులు రిక్కిస్తారు. ముందే జాగ్రత్తపడాలంటే మార్గం నేను పైన చెప్పిందే. మనిషిని ముందు పట్టుకుని, మాటను ఆ కథలోంచి తీసుకోవాలి. ఆ కుర్రాడు మాటను ముందు ఎంచుకుని కథ కోసం తరవాత వెతికాడు.

మనవాళ్లకు మరో తెగులుంది, సభామర్యాద. ‘వేదికను అలంకరించిన పెద్దలకు, విచ్చేసిన ఆహూతులకు, నాకీ అవకాశం కల్పించిన నిర్వాహకులకు’ అంటూ దండకం పూర్తయ్యేసరికి 25 సెకన్లు. మా మేడమీద వేదికే లేదు, అయినా ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు దాన్ని అలంకరింపజేయకుండా మొదలుపెట్టేవారు కాదు. ఆఖరున ‘ఇంతటితో నా ప్రసంగాన్ని విరమిస్తూ’ అని మరో పది. రెండూ కలిపితే రెండు నిమిషాల్లో మూడోవంతు దాకా పోతుంది. ‘నమస్కారం’ ఒక్కటి చాలు. చివర అది కూడా అక్కర్లేదు.

ఈ వరస అన్నిచోట్లా పనికొస్తుందని చెప్పను. సంతాపసభలో ఎవరూ ‘ఎందుకంటే’ అనరు. పదవీ విరమణ సభలో, పెళ్లిలో నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు మనం వాదించడానికి నిలబడలేదు. అక్కడ ఒక జ్ఞాపకం చెప్పి కూర్చోవడమే బాగుంటుంది. విదేశీ చదువులకు వెళ్లే పిల్లలు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష రెండో భాగం ఇలాంటిదే. కార్డు ఇస్తారు, కాగితం పెన్సిలు ఇస్తారు, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాల వరకు. అక్కడ చాలావరకు అడిగేది అభిప్రాయం కాదు. నువ్వు చూసిన ఒక చోటు గురించో, నీకు సాయం చేసిన మనిషి గురించో చెప్పమంటారు. కార్డు మీద అడిగినవాటిలో చివరిది సాధారణంగా ‘ఎందుకు’ అని ఉంటుంది. వర్ణన దాని దారిన అది సాగాలి, మన మాటా కారణమూ ఆ చివరి ప్రశ్న దగ్గర రావాలి. మొదట్లోనే వాదన మొదలుపెట్టి వర్ణన మరిచిపోయిన పిల్లలు నాకు తెలుసు. ఆ నిమిషంలో వాక్యాలు రాసుకోవద్దని కూడా చెబుతాను. వాక్యం రాస్తే దాన్ని చదవాలనిపిస్తుంది, చదివితే గొంతు మారిపోతుంది. నాలుగు మాటలు రాసుకుంటే చాలు. మన గొడుగు కథకైతే ‘ఎండ, ఆగదు, అత్త, చినుకు’.

ఇంట్లో ఒక్కరే సాధన చేసేవాళ్లకు ఫోను చాలు. పేపర్లో ఏదో ఒక శీర్షికలోంచి నామవాచకం ఒకటి తీసుకుని, రెండు నిమిషాలకు అలారం పెట్టి, రికార్డు చేసుకోవాలి. వినడంతో సరిపెట్టకుండా, వారానికి ఒకదాన్నైనా మాట పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోవాలి. విసుగు పుట్టించే పని, అరగంట పడుతుంది. రాశాక ‘ఎందుకంటే’ ఎన్నో వాక్యంలో వచ్చిందో చూడాలి, ఉదాహరణలో మొదటి మనిషి ఎన్నో వాక్యంలో వచ్చాడో చూడాలి. మనిషి పదో వాక్యం దాటి వచ్చాడంటే ఉపోద్ఘాతం ఎక్కువైందని అర్థం.

పోయిన నెల ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు గారు వచ్చారు. మనవడిని దింపడానికి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. చీటీలు మిగిలాయి, మనుషులు అయిపోయారు. “మీరూ ఒకటి తీయండి బాబాయ్ గారూ” అంటే మొహమాటపడుతూనే తీశారు. ‘చిల్లర’ అని వచ్చింది. ఆయనకు మేము ఏ మెట్లూ చెప్పలేదు. చీటీని రెండుసార్లు చూసి, మడిచి జేబులో పెట్టుకుని మొదలుపెట్టారు.

“చిల్లర అంటే చిన్న డబ్బు కాదండి, అప్పు. ఎందుకంటే నోటు ముందు ఇస్తారు, మిగతాది తరవాత ఇస్తానంటే నమ్మి కూర్చుంటారు. దిగేదాకా మనం వాళ్లకు బాకీ.” అక్కడ కాసేపు ఆగారు. “ఒకసారి ఆఖరి ట్రిప్పులో ఒక ముసలమ్మకు మూడు రూపాయలు ఇవ్వాలి. చిల్లర లేక టిక్కెట్టు వెనక మూడు అని రాసిచ్చాను. ఇంతలో వెనక సీట్లో ఎవరో గొడవపడితే అటు వెళ్లాను. వచ్చి చూస్తే ఆమె దిగిపోయింది. చీకట్లో దిగే తొందరలో టిక్కెట్టు సంగతి మరిచిపోయిందో, అడగడానికి భయపడిందో తెలియదు. మర్నాడు అదే స్టేజీలో ఆరా తీశాను. ఎవరూ ఎరగమన్నారు. ఆ మూడు రూపాయలు సంచిలో వేరే అరలో పెట్టాను. లెక్క కట్టినప్పుడు డిపోలో మూడు ఎక్కువ వచ్చిందన్నారు. ఎక్కువ కాదండి, నాది కాదు అన్నాను.”

పసుపు అట్ట లేచింది. ఆయన దానివైపు చూడలేదు.

“ఆ రూట్లో ఇంకా ఆరేళ్లు చేశాను. ఆ స్టేజీ వచ్చినప్పుడల్లా తలుపు దగ్గరకు వెళ్లి కిందికి చూసేవాణ్ని. బాకీ ఉన్నవాడికి తప్పదు కదండీ.”

కూర్చున్నారు. అట్ట పట్టుకున్న అమ్మాయి దాన్ని దించడం మరిచిపోయింది.